దాళ్వా నీళ్ల గొడవ ప్రశ్న: ఐరాక్ పద్ధతిలో ఎలా రాయాలి?

అమలాపురం_లా
ఎల్ఎల్‌బీ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాబ్లం ప్రశ్నలకి ఐరాక్ పద్ధతిలో, అంటే ఇష్యూ, రూల్, అప్లికేషన్, కన్‌క్లూజన్ అన్న వరసలో రాయమంటారు, కానీ సెక్షన్లు తెలిసినా జవాబు కుదురుగా రావడం లేదు. సీనియర్ ఒకరు ప్రాక్టీసుకి ఇచ్చిన ప్రశ్న కింద పెడుతున్నాను.

"దాళ్వాలో వంతు ప్రకారం ఆ రాత్రి 9 గంటల నుంచి వీర్రాజు చేలోకి నీళ్లు పారాలి. 10 గంటలకి వీర్రాజు వచ్చి చూస్తే, సత్తిబాబు బోదెకి అడ్డకట్ట వేసి నీళ్లు తన చేలోకి మళ్లించుకుంటున్నాడు. బోదెకి ఇవతలి గట్టు మీద, సుమారు 10 అడుగుల దూరంలో నిలబడి వీర్రాజు పార పైకెత్తి 'కట్ట తీసెయ్, లేకపోతే కాళ్లు విరగ్గొడతా' అన్నాడు. సత్తిబాబు భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు. పక్క చేను రైతు సర్దిచెప్పడంతో వీర్రాజు పార దించి ఇంటివైపు తిరిగి నడిచాడు. అప్పుడు సత్తిబాబు బోదె దాటి వచ్చి వెనక నుంచి వెదురు కర్రతో వీర్రాజు ముంజేతి మీద బలంగా కొట్టాడు. ఎముక విరిగినట్టు ఎక్స్‌రేలో తేలింది. ఇద్దరి నేర బాధ్యతను చర్చించండి."

ఇష్యూ ఒకటా, రెండా? రూల్ దగ్గర సెక్షన్ మొత్తం రాయాలా? అప్లికేషన్‌లో నేను కథే మళ్లీ రాస్తున్నట్టు అనిపిస్తోంది.

స్వాతి_భీమవరం
గొడవ ఒకటే కాబట్టి ఇష్యూ కూడా ఒకటే రాస్తే సరిపోతుంది. వీర్రాజు కొట్టలేదు కాబట్టి అతని మీద అసాల్ట్, అంటే కొట్టబోతున్నట్టు భయపెట్టడం మాత్రమే, సెక్షన్ 351. సత్తిబాబు ఎముక విరగ్గొట్టాడు, చేతిలో కర్ర ఉంది కాబట్టి నేరుగా 118(2). ఎముక విరిగితే గ్రీవియస్ హర్ట్, అంటే తీవ్ర గాయం అని 116లోనే ఉంది. ఇక చర్చించడానికేముంది?

రాజోలు_వకీలు
స్వాతిగారు 116 గురించి చెప్పింది సరైనదే. మిగతావి సరిచూసుకోవాలి.

ముందు 351 సంగతి. అసాల్ట్ 351 అన్నది పాత ఐపీసీ నంబరు. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకి కొత్త చట్టమైన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్ వర్తిస్తుంది. అందులో అసాల్ట్ నిర్వచనం 130, శిక్ష 131. బీఎన్ఎస్ 351 క్రిమినల్ ఇంటిమిడేషన్, అంటే బెదిరింపు నేరం. పాత నోట్సు చదివి కొత్త చట్టం పేరు కింద 351 రాస్తే జవాబు వేరే నేరం మీదకి వెళ్లిపోతుంది. ప్రశ్నలో తేదీ లేకపోతే బీఎన్ఎస్ ప్రకారమే రాయండి.

ఇష్యూ ఒకటి కాదు. మనిషికీ చర్యకీ విడివిడిగా తీయాలి. ఇక్కడ రెండు చర్యలున్నాయి: పార ఎత్తడం, కర్రతో కొట్టడం. ఇష్యూని ప్రశ్నలా రాయండి, ఆ ప్రశ్నలోనే కీలకమైన వాస్తవం ఉండాలి. "వీర్రాజు అసాల్ట్ చేశాడా?" అంటే చాలదు. "10 అడుగుల దూరం నుంచి పార ఎత్తి, కట్ట తీయకపోతే కొడతానని షరతు పెట్టి బెదిరించడం సెక్షన్ 130 కింద అసాల్ట్ అవుతుందా?" అని రాస్తే, మీరు దేని మీద వాదించబోతున్నారో పేపరు దిద్దేవారికి మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. రెండోది: "వీర్రాజు పార దించి వెనుదిరిగాక సత్తిబాబు కొట్టిన దెబ్బకి ఆత్మరక్షణ హక్కు అండ ఉందా? లేకపోతే ఏ నేరం?"

ముమ్మిడివరం_రైతు
అయ్యా లాయరుగారూ, మాకూ పోయిన దాళ్వాలో అచ్చం ఇలాగే జరిగిందండి. పక్క చేను ఆయన పార ఎత్తి మీదకొచ్చాడు, కానీ కొట్టలేదు. స్టేషన్‌కి వెళితే ఇది మేం నేరుగా పట్టుకునే కేసు కాదు, కోర్టుకి వెళ్లండి అన్నారు. ఎవరూ కొట్టకపోతే అసలు కేసే ఉండదా?

రాజోలు_వకీలు
ఉంటుందండి. ఒంటి మీద చెయ్యి పడక్కర్లేదు. కొట్టబోతున్నాడని ఎదుటివాడు భయపడేలా కావాలని సైగ చేసినా, సిద్ధమైనా 130 వర్తిస్తుంది. కాకపోతే 131 నాన్ కాగ్నిజబుల్ నేరం. మెజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టకూడదు. స్టేషన్‌లో సమాచారం నమోదు చేసి మిమ్మల్ని మెజిస్ట్రేట్ దగ్గరికి పంపాలి. మీ దగ్గర సాక్షి ఉంటే స్థానిక న్యాయవాదిని కలవండి. ఇక్కడ విద్యార్థి అడిగింది పరీక్ష జవాబు గురించి. అందులో స్టేషన్ ప్రక్రియ రాయనవసరం లేదు, "బాధ్యత చర్చించండి" అన్నారంతే.

అమలాపురం_లా
రూల్ దగ్గర ఎంత రాయాలి సార్? 130 నిర్వచనం మొత్తం కంఠస్థం వచ్చు నాకు.

రాజోలు_వకీలు
వచ్చినా మొత్తం రాయకండి. వాస్తవాలకి తగిలే ముక్కలే తీయండి. 130లో మూడు కావాలి: సైగ లేదా సిద్ధపాటు, ఎదురుగా ఉన్న మనిషికి వెంటనే బలప్రయోగం జరగబోతోందన్న భయం, ఆ భయం కలిగించాలన్న ఉద్దేశం, లేదా కలుగుతుందన్న ఎరుక. దానికి వివరణ ఒకటుంది, దాన్ని వదలకండి. ఉత్త మాటలు అసాల్ట్ కావు, కానీ సైగకి అర్థం చెప్పేవి మాటలే కావచ్చు. ఈ ప్రశ్నకి ప్రాణం ఆ వివరణే.

ఇప్పుడు అప్లికేషన్. మీరు కథే మళ్లీ రాస్తున్నట్టు అనిపించడానికి కారణం, వాస్తవాన్ని రాసి "అందువల్ల" దగ్గర ఆగిపోవడం. ప్రతి వాస్తవమూ రూల్‌లో ఏ ముక్కని నిరూపిస్తుందో, అవతలివాళ్లు దాన్నే ఎలా తిప్పి వాదిస్తారో రాయాలి. నేనైతే ఇలా రాస్తాను:

"పార ఎత్తడం సైగ. అది మట్టి తీయడానికి ఎత్తింది కాదని 'కాళ్లు విరగ్గొడతా' అన్న మాట తేల్చేస్తుంది. సత్తిబాబు రెండడుగులు వెనక్కి వేయడం భయం నిజంగా కలిగిందనడానికి ఆధారం. అయితే మధ్యలో బోదె, 10 అడుగుల ఎడం ఉన్నాయి కాబట్టి వెంటనే దెబ్బ పడే అవకాశం లేదని వీర్రాజు వాదించవచ్చు. పంట బోదెని ఒక్క అంగలో దాటవచ్చు, చేతిలో పొడవాటి పార ఉంది. రాత్రి ఎదురుగా నిలబడ్డ మనిషికి ఆ దూరం భరోసా ఇవ్వదు."

స్వాతి_భీమవరం
కానీ "కట్ట తీసెయ్, లేకపోతే" అన్నాడు కదా సార్. తీసేస్తే కొట్టడు. షరతు పెట్టిన బెదిరింపుకి "వెంటనే" ఎలా సరిపోతుంది? 1669 నాటి టూబర్‌విల్ వర్సెస్ సావేజ్ కేసులో కత్తి పిడి మీద చెయ్యి వేసినా అసాల్ట్ కాదన్నారు.

రాజోలు_వకీలు
మంచి ప్రశ్న. ఆ కేసు గుర్తుంది కాబట్టి దాన్నే వాడుకోండి, కానీ తేడా చూపించండి. అక్కడ కత్తి మీద చెయ్యి వేసినాయన, న్యాయమూర్తులు ఊళ్లో ఉన్న సమయం కాకపోయి ఉంటే ఇలాంటి మాటలు పడేవాణ్ని కాదన్నాడు. అంటే ఇప్పుడు కొట్టనని అతని మాటే చెబుతోంది. ఇక్కడ వీర్రాజు మాట దానికి తిరగబడింది: ఇప్పుడే కొడతాను, నువ్వు లొంగితే తప్ప. ఎదుటివాడు లొంగితేగానీ దెబ్బ ఆగదన్నప్పుడు భయం వెంటనే ఉన్నట్టే అని నా అభిప్రాయం.

తణుకు_లెక్చరర్
దీన్ని అంత తేలిగ్గా తేల్చకూడదని నా మాట. వీర్రాజు వంతు నీళ్లు సత్తిబాబు ఆపేశాడు. సాగునీటి సరఫరా తగ్గించడం బీఎన్ఎస్ 326(ఎ) కింద మిస్చిఫ్, అంటే ఆస్తికి నష్టం కలిగించే నేరం కావచ్చు. మిస్చిఫ్ మీద ఆస్తిరక్షణ హక్కు 35లో ఉంది. కొట్టే హక్కే ఉన్నవాడికి పార ఎత్తి ఆపే హక్కు లేదా? ఈ వాదన రాయని జవాబుకి నేను పూర్తి మార్కులు ఇవ్వను.

రాజోలు_వకీలు
రాయాలి, ఒప్పుకుంటాను. కానీ 37తో కలిపి రాయాలి. అధికారుల సాయం పొందే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు. నీటి సంఘం, కాలువ నీళ్లు చూసుకునే లస్కరు ఉన్నారు. మరోపక్క రాత్రి 10 గంటలకి ఎవరు దొరుకుతారు, తెల్లారేసరికి వంతు అయిపోతుంది. ప్రశ్నలో లస్కరు ఇల్లు ఎంత దూరమో చెప్పలేదు. అలాంటప్పుడు "లస్కరు అందుబాటులో ఉంటే ఈ రక్షణ నిలవదు, లేకపోతే నిలిచే అవకాశం ఉంది" అని రెండు దారులూ చూపండి. లేని వాస్తవాన్ని మనం కల్పించకూడదు. ఈ రక్షణని రుజువు చేసుకునే భారం నిందితుడిదేనని భారతీయ సాక్ష్య అధినియమ్ 108 చెబుతుంది, ఒక వాక్యంలో రాయండి.

అమలాపురం_లా
సత్తిబాబు సంగతి నేను రాసి చూపిస్తాను.

"శరీరరక్షణ హక్కు సెక్షన్ 40 ప్రకారం ప్రమాదం ఉందన్న సహేతుకమైన భయంతో మొదలై, ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది. వీర్రాజు పార ఎత్తినప్పుడు ఆ హక్కు మొదలైందని అనుకున్నా, పార దించి వెనుదిరిగి నడవడంతో భయానికి కారణం పోయింది. సత్తిబాబు అప్పుడు బోదె దాటి వెళ్లి కొట్టాడు. వెనక్కి తగ్గాల్సినవాడు ముందుకి వెళ్లడం ప్రతీకారాన్ని చూపిస్తుంది. అందువల్ల రక్షణ లేదు. ఎముక విరగడం 116 కింద గ్రీవియస్ హర్ట్. అందువల్ల 118(2) కింద శిక్షార్హుడు."

రాజోలు_వకీలు
ఆఖరి వాక్యం దాకా చాలా బాగుంది. "బోదె దాటి" అన్నదాన్ని పట్టుకోవడం మంచి పని, ఎక్కువమంది దాన్ని వదిలేస్తారు.

చివర మాత్రం రెండు మెట్లు దాటేశారు. మొదటిది 117. ఎముక విరగడం ఒక్కటే చాలదు. గ్రీవియస్ హర్ట్ చేయాలన్న ఉద్దేశమో, అది జరుగుతుందన్న ఎరుకో ఉండాలి. వాస్తవాల్లో "బలంగా" అన్న మాట దానికే పనికొస్తుంది. వెదురు కర్రతో ముంజేతి మీద బలంగా కొడితే ఎముక విరగవచ్చని కొట్టినవాడికి తెలియదనడం కష్టం. రెండోది 118. ఆయుధంగా వాడితే ప్రాణం తీసే అవకాశమున్న వస్తువు కావాలి, లేదా కాల్చే, పొడిచే, కోసే పరికరం కావాలి. మామూలు వెదురు కర్ర అలాంటిదేనా? మందం, పొడవు, చివర ఇనుప పొన్ను ఉందా అన్నవి ప్రశ్నలో లేవు. పైగా దెబ్బ తల మీద కాదు, చేతి మీద. నేనైతే 117(2) దగ్గర నిలబడి, 118(2)ని ప్రత్యామ్నాయంగా ఒక వాక్యంలో ప్రస్తావిస్తాను.

సత్తిబాబు రెచ్చగొట్టబడ్డాడని 122(2) ఎత్తుతాడు. అది నిర్దోషిగా వదలదు, శిక్ష తగ్గిస్తుంది. సర్దిచెప్పిన తర్వాత, ఎదుటివాడు వెళ్లిపోతుండగా కొట్టాడు కాబట్టి నిలవడం కష్టం. రెండు వాక్యాలు చాలు.

స్వాతి_భీమవరం
మా ప్రాంతంలో పొలం కాపలా కర్రలు మణికట్టు అంత లావుంటాయి సార్. వాటితో తల మీద కొడితే మనిషి బతకడు. వస్తువుని చూడాలా, దాన్ని వాడిన తీరు చూడాలా? సెక్షన్‌లో "ఆయుధంగా వాడితే" అని వస్తువు గురించే ఉంది కదా. నేను 118(2) మీదే ఉంటాను.

తణుకు_లెక్చరర్
కర్ర లావు ప్రశ్నలో ఉంటే నేనూ స్వాతి వైపే మొగ్గుతాను. లేదు కాబట్టి వకీలుగారి దారి పరీక్షకి భద్రం. ఏది రాసినా కారణం రాస్తే మార్కులు పడతాయి. కన్‌క్లూజన్‌లో మాత్రం కొత్త సెక్షన్ ఏదీ తేకండి. ఇద్దరికీ విడివిడిగా, ఇష్యూల్లో అడిగిన వరసలోనే తీర్పు చెప్పండి.

అమలాపురం_లా
వీర్రాజు ఆస్తిరక్షణ భాగం ఈ రాత్రికి రాసి రేపు పెడతాను. 117(2) వైపు వెళ్తున్నాను. లస్కరు ప్రస్తావన అప్లికేషన్‌లోనే పెట్టాలా, లేక ప్రత్యేక ఇష్యూగా తీయాలా?

రాజోలు_వకీలు
ప్రత్యేక ఇష్యూ వద్దు. అది 37కి సంబంధించిన వాస్తవం కాబట్టి వీర్రాజు ఇష్యూ అప్లికేషన్‌లోనే, అసాల్ట్ అయిందని చెప్పిన వెంటనే వచ్చే పేరాలో పెట్టండి.