నెలకు 1000 కిమీ: కరెంటు స్కూటరా, పెట్రోలు స్కూటరా?

ఉప్పల్ వాసి: 125 సీసీ బండి 45 మైలేజీ ఇస్తోంది. లీటరు 107 లెక్కన వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 2,380. ఈవీ కొంటే కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది? ఇంట్లో ఇప్పుడు నెలకు 180 యూనిట్లు కాలుతోంది. సర్వీసు ఖర్చు కూడా కలిపి చెప్పండి.

సైదులు: 3 యూనిట్ల బ్యాటరీకి 100 కిమీ వస్తుంది. పది ఛార్జింగులు, 30 యూనిట్లు, ఐదేసి రూపాయలు, మొత్తం 150. ఇందులో చర్చకేముంది?

లైన్‌మన్ గారబ్బాయి: రెండు చోట్ల తప్పారు. ఛార్జరు వేడెక్కుతుంది కదా, ఆ వేడి కూడా మీటర్లో తిరుగుతుంది. సబ్‌మీటరు పెట్టి 20 శాతం నుంచి 100 దాకా ఎక్కించి చూడండి. బ్యాటరీలోకి 2.4 వెళితే మీటరు 2.7 దాకా చూపిస్తుంది. అంటే 30 కాదు, 34.

రెండోది శ్లాబు. తెలంగాణలో 180 యూనిట్లకు మొదటి వంద 3.40, మిగతా 80కి 4.80, కలిపి 724. దానికి 34 చేరితే 214. అప్పుడు పాత రేట్లు పోయి మొదటి 200కూ 5.10, పైన 14కు 7.70 పడుతుంది. 1,128 వస్తుంది. ఆ 34 యూనిట్ల ధర 404 అన్నమాట, యూనిట్‌కు దాదాపు 12. ఫిక్స్‌డ్ చార్జీలు నేను కలపలేదు.

సైదులు: 404 అయినా పెట్రోలులో ఆరో వంతే కదా! భయపెట్టడం దేనికి?

లైన్‌మన్ గారబ్బాయి: భయపెట్టడం లేదు, లెక్క సరిచేస్తున్నా. గృహజ్యోతి జీరో బిల్లు వస్తున్న ఇల్లయితే ఇంకా ఘోరం. 200 దాటిన నెల మొత్తం 1,128 కట్టాలి.

బెజవాడ శ్రీను: మాకు ఆంధ్రాలో ఈ గెంతు లేదు. ఏ మెట్టులో పడ్డ యూనిట్లకు ఆ మెట్టు రేటే. 126 నుంచి 225 దాకా ఆరు రూపాయలు, కాబట్టి 180 మీద 34 అంటే 204. సర్దుబాటు చార్జీలు వేరే.

ఆటోనగర్ మెకానిక్: అందరూ కరెంటు దగ్గరే ఆగిపోయారు. పెట్రోలు బండికి ఇంజనాయిలు, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు, బెల్టు, రోలర్లు ఉంటాయి. బెల్టు అరిగితే ముందు పికప్ తగ్గి, ఇంజను అరుపు పెరుగుతుంది. ఈవీల్లో కొన్నిటికి బెల్టు ఉన్నా మిగతావేవీ లేవు, కానీ టైరు త్వరగా అరుగుతుంది. బరువెక్కువ, మొదటి లాగుడు గట్టిది. గాలి తగ్గితే రేంజి కూడా పడిపోతుంది, వారానికోసారి చూసుకోండి.

లక్ష్మి, వరంగల్: బ్యాటరీ మార్పు సంగతి ఎవరూ ఎత్తరేం? నెలకు 2,000 మిగిలితే ఏడాదికి 24,000. వారంటీ అయ్యాక ప్యాకు పోతే అది అందులోంచే కదా.

సైదులు: సెల్సు ఒక్కసారిగా చావవమ్మా, రేంజి మెల్లగా తగ్గుతుంది.

లక్ష్మి, వరంగల్: సెల్సు కాకపోతే లోపలి బోర్డు పోవచ్చు. బండి ఆగడానికి అది చాలు. కొనేముందు ప్యాకు ధర రాతపూర్వకంగా అడగండి.

ఉప్పల్ వాసి: మాకు జీరో బిల్లే వస్తోంది. ఆఫీసు పార్కింగులో ప్లగ్గు ఉంది. వారానికి రెండు ఛార్జింగులు అక్కడ పెడితే ఇంట్లో 7 యూనిట్లే పెరుగుతాయి, 187 అవుతుంది. మరి వేసవిలో కూలరు తిరిగితే?

లైన్‌మన్ గారబ్బాయి: రీడింగు తీసే తేదీ చూసుకుని, చివరి వారం మొత్తం ఆఫీసులోనే ఎక్కించండి.