ఒకే ఇన్‌స్టాల్‌మెంట్ రెండుసార్లు పోస్ట్ అయింది: పేరెంట్స్‌కి ఎంతవరకు చెప్పాలి?

బడి పద్దులు
ఒక ప్రైవేటు స్కూల్లో అకౌంటెంట్‌గా చేస్తున్నాను. కొంతమంది పిల్లల ఖాతాల్లో రెండో టర్మ్ ఫీజు రెండుసార్లు పోస్ట్ అయింది. సరిచేసిన స్టేట్‌మెంట్లు రెడీగా ఉన్నాయి. "సాంకేతిక కారణాల వల్ల పొరపాటు జరిగింది, కొత్త స్టేట్‌మెంట్ చూసుకోగలరు" అని రెండు లైన్లు పంపితే చాలని ప్రిన్సిపాల్ గారు అంటున్నారు. రసీదు నంబర్లతో సహా వివరంగా రాయాలని నేను అంటున్నాను. మీరైతే ఏం చేస్తారు?

గోదారి గట్టు
ప్రిన్సిపాల్ గారు చెప్పిందే కరెక్టండి. ఎంత వివరంగా రాస్తే అన్ని ఫోన్లు వస్తాయి. టాలీలో రెండో రసీదు డిలీట్ చేసేయండి, కొత్త స్టేట్‌మెంట్ పంపేయండి. లెక్క సరిపోయాక కథంతా ఎవరికి కావాలి?

ఇద్దరు పిల్లల అమ్మ
రెండుసార్లు ఫీజు తీసుకుని, మళ్లీ రెండు లైన్లతో సరిపెడతారా? ముందు డబ్బు వెనక్కి వేయండి. మా పాపకి కిందటేడు ఇలాగే జరిగింది. యూపీఐలో కట్టేటప్పుడు తిరుగుతూనే ఉండిపోయింది, ఫెయిలైందనుకుని మళ్లీ కట్టాను. రెండూ కట్ అయ్యాయి. ఆ రెండోది తిరిగి రావడానికి ఎంత తిరిగానో నాకు తెలుసు.

బడి పద్దులు
మేడమ్, ఇక్కడ డబ్బు ఒక్కసారే వచ్చింది. పద్దు మాత్రం రెండుసార్లు పడింది. పేరెంట్ క్యూఆర్ స్కాన్ చేసి కట్టి, స్క్రీన్‌షాట్ ఆఫీసు నంబరుకి పంపారు. కౌంటర్‌లో అది చూసి రసీదు కోశారు. మూడు రోజుల తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి ఎంట్రీలు వేసే అబ్బాయి అదే జమకి ఇంకో రసీదు వేశాడు. ప్రతి చెల్లింపుకీ బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరుని కౌంటర్ రసీదులో ఎక్కించలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు.

రిటైర్డ్ ఆడిట్
ఇప్పుడు విషయం తేలింది. జమ రెండుసార్లు పడిందంటే పాత స్టేట్‌మెంట్‌లో బాకీ ఉండాల్సినదాని కంటే తక్కువ కనిపించి ఉంటుంది. సరిచేయగానే అది పెరుగుతుంది. రెండు లైన్ల మెసేజ్ చదివిన తండ్రికి అర్థమయ్యేది ఒక్కటే: నిన్నటిదాకా సున్నా, ఇవాళ కొత్తగా అడుగుతున్నారు. అందుకే నేను అకౌంటెంట్ గారి వైపే.

ఒక పిల్లవాడి లెక్క చూద్దాం. ఏడాది ఫీజు రూ.54,000, మూడు టర్ములు, ఒక్కోటి రూ.18,000. జూన్‌లో మొదటిది కట్టారు. అక్టోబర్ 11న రెండోది కట్టారు, రసీదు 1187. అక్టోబర్ 14న అదే జమకి రసీదు 1243 పడింది. రెండో టర్మ్ అప్పటికే నిండిపోయింది కాబట్టి చాలా సాఫ్ట్‌వేర్లు ఆ రూ.18,000ని తమంతట తామే మూడో టర్మ్‌కి సర్దేస్తాయి. "మూడో టర్మ్ చెల్లించారు, బాకీ 0" అని మెసేజ్ కూడా వెళ్లిపోతుంది. ఆ ఇంట్లో వాళ్లు జనవరికి డబ్బు పక్కన పెట్టుకోవడం మానేసి ఉండొచ్చు. వాళ్లకి "కొత్త స్టేట్‌మెంట్ చూసుకోగలరు" అంటే ఎలా?

గోదారి గారూ, డిలీట్ మాత్రం వద్దండి. 1243 కాగితం పేరెంట్ చేతిలో ఉంది. మీ పుస్తకంలో ఆ నంబరే లేకపోతే రేపు అతను రసీదు పట్టుకుని వస్తే ఏం చూపిస్తారు? నంబరింగ్ సెట్టింగ్‌ని బట్టి, డిలీట్ చేస్తే తర్వాతి రసీదుల నంబర్లు కూడా జరిగిపోవచ్చు. టాలీలో `Alt+D` కాదు, `Alt+X` కొట్టండి. నంబరు అలాగే ఉంటుంది, అందులోని రూపాయల అంకె పోతుంది, రద్దయినట్టు కనిపిస్తుంది.

గోదారి గట్టు
రద్దు సంగతి ఒప్పుకుంటాను సార్. కానీ అక్టోబర్ లెక్కలు క్లోజ్ చేసి మేనేజ్‌మెంట్‌కి ఇచ్చేసి ఉంటే, పాత తేదీలో రద్దు చేస్తే ఆ నెల అంకెలు మారిపోవా? అలాంటప్పుడు ఇవాళ్టి తేదీతో రివర్సల్ ఎంట్రీ వేయడమే మేలు.

రిటైర్డ్ ఆడిట్
క్లోజ్ చేసిన నెలైతే మీరు చెప్పిందే నయం. స్టేట్‌మెంట్‌లో జమ, దాన్ని కొట్టేసిన ఖర్చు రెండూ కనబడతాయి, పేరెంట్‌కి దారి తెలుస్తుంది. రద్దు చేస్తే స్టేట్‌మెంట్ శుభ్రంగా ఉంటుంది కానీ ఏం జరిగిందో కనబడదు. నేనైతే రివర్సలే వేయిస్తాను. దీనిమీద నాతో పనిచేసిన వాళ్లే ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

ఏది చేసినా, చేసే ముందు ఒక్కో జంట రసీదునీ బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చండి. అంకె ఒకటే, తేదీ దగ్గర అని కొట్టేయకూడదు. అన్నకీ చెల్లికీ ఒకే రోజు చెరో రూ.18,000 కట్టి ఉంటే, రెండూ ఒకరి ఖాతాలోనే పడి ఉండొచ్చు. అది డబుల్ పోస్టింగ్ కాదు, ఒక రసీదుని రెండో పిల్లకి మార్చాలి. ఇందాక మేడమ్ చెప్పినట్టు నిజంగానే రెండుసార్లు కట్టినవాళ్లూ ఉండొచ్చు. యూపీఐ అయితే 12 అంకెల యూటీఆర్ నంబరు చూడండి. బ్యాంకులో ఒకటే జమ ఉంటే డబుల్ పోస్టింగ్. రెండు వేర్వేరు నంబర్లతో రెండు జమలు ఉంటే అది పేరెంట్ డబ్బు, ముట్టుకోకూడదు.

ఇద్దరు పిల్లల అమ్మ
ఇది ముందే చెప్పాల్సింది సార్. నేను ప్రశ్న వేరేలా అర్థం చేసుకున్నాను. కానీ ఒక్క మాట. స్కూలు ముద్ర వేసి రసీదు ఇచ్చాక కట్టినట్టే కదా? ఆ రసీదు నా దగ్గరుంటే నేను మళ్లీ ఎందుకు కట్టాలి?

రిటైర్డ్ ఆడిట్
రసీదు గట్టి ఆధారమేనమ్మా, కాదనను. కానీ మీ ఖాతాలోంచి డబ్బు ఒక్కసారే వెళ్లిందని మీ పాస్‌బుక్కే చెబుతుంటే ఆ రసీదు నిలబడదు. అందుకే మెసేజ్‌లో "మీ బ్యాంకు ఖాతా చూసుకోండి" అనే మాట తప్పకుండా ఉండాలి. ఇంకోటి, పాత ట్యాక్స్ విధానంలో ఉన్నవాళ్లు జనవరిలో ఆఫీసుకి ట్యాక్స్ మినహాయింపు ప్రూఫులు ఇస్తారు. ట్యూషన్ ఫీజు కింద 1187తో పాటు 1243 కూడా జతచేస్తే కట్టని డబ్బుకి మినహాయింపు అడిగినట్టవుతుంది. రద్దయిన నంబరు రాయకపోతే ఆ సంగతి వాళ్లకి ఎలా తెలుస్తుంది?

నేనైతే ఇలా రాస్తాను. మీ స్కూలుకి తగ్గట్టు మార్చుకోండి:

"నమస్కారం. మీ అబ్బాయి ఫీజు ఖాతాలో రూ.18,000 బాకీ పెరిగినట్టు కనిపిస్తుంది. ఇది కొత్త ఫీజు కాదు. అక్టోబర్ 11న మీరు కట్టిన రెండో టర్మ్ రూ.18,000కి మా ఆఫీసులో రెండు రసీదులు పడ్డాయి: 1187, 1243. బ్యాంకులో మాకు ఒకటే జమ అయింది. 1187 చెల్లుతుంది, 1243 రద్దు చేశాం. పొరపాటు మాదే, క్షమించండి. ఇప్పటివరకు కట్టింది రూ.36,000, మిగిలింది మూడో టర్మ్ రూ.18,000. మీ బ్యాంకు ఖాతా చూసుకోండి, రెండుసార్లు కట్ అయి ఉంటే ఆ రెండు యూటీఆర్ నంబర్లు మాకు పంపండి. తేలేదాకా ఏమీ కట్టనక్కర్లేదు. 1243ని ట్యాక్స్ కోసం ఎక్కడైనా ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి."

ఎవరిది వాళ్లకే పంపండి. క్లాస్ వాట్సాప్ గ్రూపులో బాకీల జాబితా పెట్టకండి.

బడి పద్దులు
చాలా థ్యాంక్స్ సార్. రేపు ఇదే ప్రిన్సిపాల్ గారికి చూపిస్తాను. ఒక్కటి మాత్రం తేలలేదు. మూడో టర్మ్ గడువు జనవరి 10. బాకీ సున్నా అని మేమే చెప్పాం కాబట్టి వీళ్లకి గడువు పెంచి, లేట్ ఫీజు తీసేయాలని నా ఉద్దేశం.

గోదారి గట్టు
లేట్ ఫీజు తీసేయండి, న్యాయమే. గడువు పెంచడం మాత్రం కష్టమండి. మిగతా పేరెంట్స్ మాకెందుకు లేదని అడుగుతారు, జనవరి జీతాలకి ఆ డబ్బే ఆధారం. మూడో టర్మ్ ఎప్పుడు కట్టాలో జూన్ నుంచీ అందరికీ తెలుసు.

ఇద్దరు పిల్లల అమ్మ
తెలుసు, కానీ కట్టేశారని మీరే మెసేజ్ పంపారు కదా. నెల మధ్యలో రూ.18,000 ఎక్కడినుంచి తేవాలి? ఇంకో జీతం పడేదాకైనా ఆగాలి. ఫిబ్రవరి 5 అనండి.