అప్పు వడ్డీ వేరైతే రిస్క్ పోర్ట్‌ఫోలియోలో ఎంత పెట్టాలి?

ఎంబీఏ ఫైనాన్స్ లెక్క ఒకటి రెండు రోజులుగా తేలడం లేదు, తెలిసినవాళ్ళు కాస్త చూడండి. రిస్క్ పోర్ట్‌ఫోలియో రాబడి అంచనా 13%, స్టాండర్డ్ డీవియేషన్ 20%, రిస్క్ లేని చోట దాస్తే 7% వస్తుంది, కానీ అప్పు తీసుకుంటే 9% కట్టాలి. మదుపరి రిస్క్ విముఖత A = 1.2.

నేను వాడిన సూత్రం ఇది:

```
y = (E(r) - rf) / (A × σ²)
```

7% పెట్టి చేస్తే 0.06 / (1.2 × 0.04) = 1.25, అంటే సొంత డబ్బంతా పెట్టి, దానిలో పావు వంతు అప్పు కూడా తేవాలి. అప్పు 7%కి దొరకదు కదా అని 9% పెట్టి చేస్తే 0.83 వచ్చింది, ఇప్పుడేమో అసలు అప్పే అక్కర్లేదంటోంది!

క్యాపిటల్ అలొకేషన్ లైన్ గీసి చూశాను. y = 1 దాకా వాలు 0.30, అక్కడ విరిగి తర్వాత 0.20. సరైన జవాబు ఆ మలుపు దగ్గరే, అంటే y = 1 అని నాకనిపిస్తోంది. యుటిలిటీ (U = E(r) − ½Aσ²) కూడా లెక్కేశాను: y = 1 దగ్గర 0.106, 9% అప్పుతో 1.25 దగ్గర 0.1025, మిగిలింది 7%లో దాచి 0.83 దగ్గర 0.1033.

నా తర్కం సరైనదేనా? అలాగైతే A 1 నుంచి 1.5 మధ్య ఎంతున్నా జవాబు 1 అనే రావాలి, అది నిజమేనా? ఇంకో సందేహం, పరీక్షలో రెండు వడ్డీలతోనూ y కట్టి చూపించాలా, లేక నేరుగా 1 అని రాస్తే సరిపోతుందా?