అప్‌డేట్: స్ప్రాకెట్ అనుకున్నది క్లచ్ ప్లేట్

నా ప్రశ్న: మెకానిక్ పంపిన నా బైక్ భాగాల ఫొటోలో పళ్లున్న రెండు చక్రాల్లో చైన్ స్ప్రాకెట్ ఏది?

నిన్న షెడ్డుకెళ్లి రెండూ చేత్తో పట్టుకుని చూశాను. నేను వేలు పెట్టి చూపించింది క్లచ్ ప్లేట్! దాని అంచున ఉన్నవి పళ్లు కావు, క్లచ్ బాస్కెట్ గాడుల్లో కూర్చునే చదరపు చెవులు. ముఖం మీద గోధుమరంగు ముక్కలు వరుసగా అతికించి ఉన్నాయి. ఫొటోలో ఆయిల్ మసి వల్ల అవి కనబడలేదు. స్ప్రాకెట్ పళ్లు చైన్ లింకుల్లో దూరాలి కాబట్టి కొనలు సన్నగా, మధ్య పల్లం గుండ్రంగా ఉంటుంది. వెనక స్ప్రాకెట్‌కైతే బోల్టు రంధ్రాలు కూడా ఉంటాయి.

నా స్ప్రాకెట్ పళ్లు ఒకవైపుకి కొక్కేల్లా వంగిపోయాయి. చైన్‌తో కలిపి సెట్టంతా మార్పించాను.