అప్‌డేట్: వలస కూలీల లైబ్రరీకి పుస్తకాల ఎంపిక

నేను అడిగింది: చదువు అంతంతమాత్రం, ఇంటి భాషలు చాలా. ఏ పుస్తకాలు కొనాలి?

ఇంటి భాష చూసి కొనడమే నా పొరపాటు. సంతాలీ మాట్లాడే ఒకాయన కోసం ఆ భాష సొంత లిపి ఓల్ చికిలో పుస్తకం తెప్పించాను. తిరగేసి పక్కన పెట్టేశాడు. ఆయన బళ్లో దిద్దింది దేవనాగరి! అందుకే ఇప్పుడు "చదవడం వచ్చా?" అని అడగట్లేదు (అడిగితే అందరూ తలూపుతారు). బల్లమీద నాలుగు లిపుల్లో ఒక్కో పేజీ పరిచి, చూపు ఎక్కడ ఆగుతుందో గమనిస్తున్నా. ఎక్కడా ఆగకపోతే మాటల్లేని బొమ్మల కథలు, ఇంటి భాషలో రికార్డు చేసిన కథలు ఇస్తున్నా. పిల్లల బొమ్మల పుస్తకాలు మాత్రం తీసేశాను. పెద్దవాళ్లు వాటిని నలుగురిలో పట్టుకోలేక వదిలేస్తున్నారు. పని, ప్రయాణం, కుటుంబం గురించిన పెద్దల కథలైతే ఇంటికి తీసుకెళ్తున్నారు.