పిండఖర్జూరం, చింతపండు, ఒక అక్షరం

కొత్త నాటకకర్త: నేను రాస్తున్న నాటకంలో ఎప్పుడూ కవిత్వమే మాట్లాడే యువరాజు ఒకడు, అతని వెంట తిండిపోతు చెలికాడు ఒకడు ఉన్నారు. ఆ చెలికాడికి మాటలు రాస్తుంటే శాకుంతలం రెండవ అంకంలోని విదూషకుడి వాక్యం రెండు రోజులుగా వేధిస్తోంది. "పిండఖర్జూరైరుద్వేజితస్య తింతిణ్యామభిలాషః" అన్నంతవరకు వచ్చింది. ఆ తరువాత "స్త్రీరత్న" దగ్గర ఆగిపోయాను. ఆ సమాసం ఎలా ముగుస్తుందండీ?

పుస్తకాల పురుగు: "స్త్రీరత్నపరిభోగిణః". అంతఃపురంలోని రత్నాల వంటి స్త్రీలను అనుభవించిన నీకు ఈ ఆశ్రమకన్య మీద కోరిక, ఖర్జూరాలతో మొహం మొత్తినవాడికి చింతపండు మీద పుట్టిన కోరిక వంటిదని భావం. ఇందులో సందేహానికి తావు లేదు.

పదవీ విరమణ చేసిన మాస్టారు: తావుంది నాయనా. నేను పాఠం చెప్పిన ప్రతిలో "పరిభావినః" అని ఉంది. అంటే చులకన చేసేవాడు. భోగి అయితే విదూషకుడు ఆకలి లెక్క చెబుతున్నాడు. భావి అయితే రాజును మందలిస్తున్నాడు. ఒక్క అక్షరంతో ఆ పాత్ర బరువే మారిపోతుంది.

పుస్తకాల పురుగు: మొహం మొత్తాలంటే ముందు తినాలి కదా మాస్టారూ. కాబట్టి భోగియే సరి.

నాటక పోటీల మనిషి: నాకు అక్షరం కంటే పాత్ర ముఖ్యం. నిరుడు మేము ఆడిన నాటకంలో నాయకుడి స్నేహితుడు వేదిక మీదికి వచ్చిన ప్రతిసారీ చప్పట్లు మోగాయి. అయినా న్యాయనిర్ణేత ఒకరు, ఆ పాత్రను తీసేసినా కథ చెక్కుచెదరదని మార్కులు తగ్గించారు. హాస్యం కోసం పెట్టిన పాత్రకు కథతో పనేమిటని నేను ఇప్పటికీ మథనపడుతున్నాను. కాళిదాసు కూడా అయిదవ అంకంలో, శకుంతల నిండు సభలో నిలబడినప్పుడు, విదూషకుణ్ణి మరిచిపోయాడు కదా?

మాస్టారు: మరిచిపోలేదు, పని పెట్టుకొని బయటికి పంపాడు. ఆ అంకం మొదట్లోనే హంసపదిక పాట వినబడుతుంది, ఆమెను సముదాయించి రమ్మని రాజు ఇతణ్ణి పంపుతాడు. అతడు సభలో ఉంటే శకుంతల పేరు ఎప్పుడో విన్నానని అనేవాడు, కథ అక్కడే ఆగిపోయేది. దీనికి ముడి రెండవ అంకం చివరనే పడింది. తల్లి కబురు వచ్చినప్పుడు తనకు బదులుగా అతణ్ణి నగరానికి పంపుతూ, వీడు నోరు జారి అంతఃపురంలో చెబుతాడేమోనన్న భయంతో, ఆశ్రమకన్య సంగతంతా పరిహాసమేనని రాజు నమ్మిస్తాడు. ఆరవ అంకంలో ఉంగరం దొరికాక నాకెందుకు గుర్తు చేయలేదని రాజు అడిగితే, పరిహాసమని నీవే అన్నావు, మట్టిముద్ద బుద్ధి గల నేను నిజమేననుకున్నానని అంటాడు. మనల్ని నవ్వించిన ఆ అమాయకత్వమే దుర్వాసుడి శాపానికి దారి విడిచింది. మీ న్యాయనిర్ణేత అడిగింది అదేననుకుంటాను.

కొత్త నాటకకర్త: అయితే నా చెలికాడు ఊరికే తింటున్నాడు. యువరాజు పద్యం చదివిన ప్రతిసారీ అతడు అన్నం అడుగుతాడు, అంతే. నాలుగోసారికి నాకే విసుగొచ్చింది.

మాస్టారు: ఎందుకంటే అతడు పద్యానికి జవాబు చెప్పడం లేదు, పద్యాన్ని ఆపుతున్నాడు. రెండవ అంకంలోనే చూడండి. "అనాఘ్రాతం పుష్పం" అంటూ రాజు ఆమెను వాసన చూడని పువ్వుతో, గోరు తగలని చిగురుతో, రుచి చూడని కొత్త తేనెతో పోలుస్తాడు. వెంటనే విదూషకుడు, అయితే ఇంగుదీ తైలంతో తల నిగనిగలాడే ఏ తాపసి చేతిలోనో పడకముందే ఆమెను కాపాడుకోమంటాడు. ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే పిల్ల గురించి. రాజుకు తేనె కనిపించిన చోట ఇతడికి జిడ్డు తల కనిపించింది. పైగా తొందరపడమన్న ఆ సలహా తప్పు కూడా కాదు.

రంగస్థల అభిమాని: ఈ పాత్ర పేరు మాధవ్యుడా, మాఢవ్యుడా? మాఠవ్యుడని అచ్చయిన ప్రతి కూడా చూశాను. ఏమైనా మన తోలుబొమ్మలాటలో కేతిగాడి ముందు వీరంతా దిగదుడుపే. రాముడూ రావణుడూ తెర మీద నిలబడి ఉండగానే వచ్చి ఊళ్లో సంగతులు మాట్లాడతాడు.

పుస్తకాల పురుగు: కేతిగాడు రాముడికి చెలికాడు కాడండీ, ప్రేక్షకులకు చెలికాడు. అతణ్ణి ఏ కథలోకైనా తీసుకుపోవచ్చు. మాధవ్యుణ్ణి (నేను ధకారమే రాస్తాను) దుష్యంతుడి పక్క నుంచి కదపలేం. చివరికి మాతలి వచ్చి కనబడకుండా అతడి మెడ విరవబోతేనే కదా, సంతానం లేదని శోకంలో మునిగిపోయిన రాజు విల్లు అందుకొన్నది.

నాటక పోటీల మనిషి: అంటే మా స్నేహితుడి పాత్రకు దెబ్బలు తగిలించాలంటారా?

మాస్టారు: తగిలించినా నాయకుడు లేచి నిలబడకపోతే దండుగే. కొత్త నాటకకర్త గారూ, మీ చెలికాడికి యువరాజు దాచినదేదైనా ఒకటి తెలియనివ్వండి, లేదా తప్పుగా తెలియనివ్వండి. తిండి సంగతి తరువాత చూసుకోవచ్చు.

కొత్త నాటకకర్త: తప్పుగా తెలియడం బాగుంది, మూడవ రంగం నుంచి తిరగరాస్తాను. కాని నా చెలికాడు యువరాజును మందలించేవాడా, ఆకలి లెక్క చెప్పేవాడా అన్నది ఇంకా తేలలేదు. భోగియా, భావియా?

పుస్తకాల పురుగు: భోగి.

మాస్టారు: ప్రాకృత పాఠం విప్పి చూడు నాయనా. అతడు సంస్కృతంలో మాట్లాడనే లేదు.

పుస్తకాల పురుగు: చూశాను. నా ప్రతిలో అక్కడ కూడా "పరిభోఇణో" అనే ఉంది. మీ ప్రతిలోని పుట ఫొటో తీసి పెట్టండి.