ఊగుతున్న సి-టైప్ పోర్టు: మార్పించాలా, అడాప్టర్‌తో నెట్టుకురావాలా?

మాది విజయనగరం. మూడేళ్లుగా వాడుతున్న ఫోనులో ఇయర్‌ఫోన్ రంధ్రం లేదు. పాటలైనా ఛార్జింగైనా ఒక్క సి-టైప్ పోర్టే దిక్కు. నెల రోజులుగా అది వదులైంది. ఇయర్‌ఫోన్ అడాప్టర్ పెట్టి ఫోను జేబులో వేసుకుంటే పది అడుగులకే పాట ఆగిపోతోంది.

ముందు దుమ్మే అనుకున్నాను. ఫోను ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో గీరితే జేబు నూలు చిన్న ఉండలా వచ్చింది. అప్పటి నుంచి పిన్ను లోపలిదాకా దిగుతోంది కానీ పట్టు రాలేదు. సి-టైప్‌లో పట్టి ఉంచే స్ప్రింగులు కేబుల్ పిన్నులోనే ఉంటాయి కాబట్టి కొత్త కేబుల్ కొన్నాను. రెండు రోజులు బాగానే ఉంది, మళ్లీ మొదటికొచ్చింది.

టార్చి వేసి చూస్తే పోర్టు మధ్యలోని నల్లటి నాలుక ఒక పక్కకు వాలి ఉంది, టూత్‌పిక్ తగిలితే కదులుతోంది. పిన్ను ఒక వైపుగా పెడితే ఛార్జింగ్ ఎక్కుతుంది, తిప్పి పెడితే ఎక్కదు.

ఒక దుకాణంలో కింది ఛార్జింగ్ బోర్డు మొత్తం మార్చాలని, 900 రూపాయలు అవుతుందని అన్నారు. మరో చోట టంకం వేస్తే చాలు, 250 అన్నారు. వాలిన నాలుకకు టంకం ఏం చేస్తుందో నాకైతే అర్థం కాలేదు! అయస్కాంత అడాప్టర్ పెట్టుకోమని స్నేహితుడి సలహా. దాని ముక్క పోర్టులోనే ఉండిపోతుంది కాబట్టి అరుగుదల తగ్గుతుంది, నిజమే. కానీ కూర్చునేది ఆ కదిలే నాలుక మీదే కదా. ఫోనుకు వైర్‌లెస్ ఛార్జింగ్ కూడా లేదు.

నాలుకే కదులుతున్నప్పుడు టంకంతో సరిపోయిన అనుభవం ఎవరికైనా ఉందా, లేక నేరుగా బోర్డు మార్పించడమే మేలా?